ఆదిమానవుణ్ణి వదిలేయండి

"మానవ నాగరికత ఆవిర్భవించిన నాటి నుంచి నేటి వరకు వివాహ వ్యవస్థ సమాజానికి మూలస్తంభంగా నిలుస్తూ వస్తోంది." కన్యాశుల్కం నాటకంలో డబ్బు లెక్కల గురించి ఒక పరిశోధక విద్యార్థి రాసిన సదస్సు పత్రం ఈ వాక్యంతో మొదలైంది. సంచికలో వేయడానికి ముందు దిద్దమని నా దగ్గరికి వచ్చింది. పదకొండు పేజీల పత్రం. మొదటి పేజీలో ఆదిమానవుడు గుహలోంచి బయటికొచ్చి నిప్పు రాజేసి గుంపులు కట్టాడు. రెండో పేజీ అంతా ఋగ్వేదకాలపు స్త్రీ. మూడో పేజీలో మధ్యయుగాలు గడిచి, అడుగున వీరేశలింగం పంతులు దర్శనమిచ్చారు. గురజాడ అప్పారావు నాలుగో పేజీకి గానీ రాలేదు.

ఆ మూడు పేజీలూ తీసేయమన్నాను. విద్యార్థి తెల్లమొహం వేశాడు. "సార్, నేపథ్యం లేకపోతే మా గైడుగారు ఊరుకోరు" అన్నాడు. నాకు కోపం వచ్చింది ఆ కుర్రాడి మీద కాదు. ముందు విశాలంగా ఎత్తుకోవాలి, మెల్లగా విషయంలోకి దిగాలి అని బడిలో వ్యాసరచన నేర్పేటప్పుడే చెప్పేస్తాం. ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ముగింపు అని మూడు గళ్లు గీసి, మొదటి గడిలో ఎంత పెద్ద మాట పడితే అంత మంచి మార్కులని అలవాటు చేస్తాం. పోటీ పరీక్షల గైడ్లలోనూ అదే మూస. ఆ పిల్లవాడే విశ్వవిద్యాలయానికి వచ్చి ఆదిమానవుడి దగ్గర్నుంచీ కథ ఎత్తుకుంటే తప్పెవరిది? కాబట్టి నా పేచీ ఆ మూసను సమర్థించే పెద్దలతోనే. వాళ్ల వాదనల్లో కొన్ని వినదగ్గవి కూడా. అయినా నిలవవు.

ముందు ఆ వాక్యం సంగతే చూద్దాం. అది అందంగా లేదన్నది నా ఫిర్యాదు కాదు. దానికి ఆధారం లేదు, ఉండే వీలూ లేదు. మనలాంటి మనుషులు భూమ్మీద తిరగడం మొదలై దాదాపు మూడు లక్షల ఏళ్లయిందని శిలాజాలు చెబుతున్నాయి. మనిషి రాయడం నేర్చి అయిదు వేల ఏళ్ల పైచిలుకు. మిగిలిన కాలమంతా ఎవరు ఎవర్ని ఎలా పెళ్లాడారో, అసలు పెళ్లాడారో లేదో చెప్పడానికి మన దగ్గర ఒక్క కాగితం ముక్క లేదు. నాలుగో పేజీలో నాటకం నుంచి ఒక సంభాషణ ఎత్తి రాస్తే అంకం, రంగం, పేజీ సంఖ్య అడిగే పరీక్షకుడు, మొదటి పేజీలో మూడు లక్షల ఏళ్ల మీద ఇచ్చిన తీర్పుకి ఏ ఆధారమూ అడగడు. ఆ వాక్యాన్ని ఎవరూ నిజంగా చదవరు కాబట్టే అడగరు. రాసినవాడు నమ్మి రాయలేదు, చదివేవాడు నమ్మి చదవడు. ఇద్దరి మధ్యా అది ఒక మర్యాద.

మర్యాదే అయితే పోనిద్దును. కానీ అది పత్రానికి కీడు చేస్తోంది. "వివాహంలో ధనం పాత్ర అనాదిగా ఉన్నదే" అని రెండో పేజీలో ఇంకో వాక్యం ఉంది. కన్యాశుల్కంలో డబ్బు పెళ్లికొడుకు వైపు నుంచి పిల్ల తండ్రికి వెళుతుంది. వరకట్నంలో పిల్ల తండ్రి నుంచి పెళ్లికొడుకు వైపు వెళుతుంది. ఈ రెండూ ఎదురెదురు దిక్కులు. మొదటిదానిలో ఆడపిల్ల పుట్టడం తండ్రికి రాబడి, రెండోదానిలో ఖర్చు. డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్లిందన్నదే ఈ పత్రం తేల్చాల్సిన సంగతి. "అనాదిగా ఉన్నదే" అన్న ఒక్క మాటతో ఆ తేడా చెరిగిపోయింది. అంత పెద్ద మాట అన్నాక, తర్వాత వచ్చే చిన్న నిజాలకు నిలబడే చోటుండదు.

ఇంకో నష్టం ఇంతకంటే లోతైనది. అనాదిగా ఉన్నదే అనేసరికి, దాన్ని ఎప్పుడైనా ఎవరైనా తప్పన్నారా అన్న ప్రశ్న పుట్టకుండానే పోతుంది. అన్నారు. మనుస్మృతి ఎనిమిది రకాల వివాహాలు చెబుతూ డబ్బిచ్చి పిల్లను తెచ్చుకునే పద్ధతికి ఆసురమని పేరు పెట్టింది. తెలిసిన తండ్రి కూతురికి శుల్కం కొంచెం కూడా తీసుకోరాదని మూడో అధ్యాయంలోనే నిషేధించింది. మరి కృష్ణరాయపురం అగ్రహారంలో వేదం చదువుకున్న అగ్నిహోత్రావధాన్లు చేస్తున్నదేమిటి? తన శాస్త్రం వద్దన్న పనే. నాటకంలో హాస్యానికీ కోపానికీ సగం బలం అక్కడుంది. ప్రాచీనకాలం గురించి మూడు పేజీలు రాసిన విద్యార్థి, ప్రాచీన గ్రంథంలో తనకు నిజంగా పనికొచ్చే ఆ ఒక్క సంగతిని అందుకోలేదు. చరిత్రంతా చెప్పబోయి, కావలసిన చరిత్ర వదిలేశాడు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? దీనికి నాకు తెలిసిన పద్ధతి చాలా మోటుది. పత్రం చేత్తో పట్టుకుని, ఈ పత్రంలో తప్ప ఇంకెక్కడా ఇమడని మొదటి వాక్యం ఎక్కడుందో వెతకాలి. వివాహ వ్యవస్థ మూలస్తంభం అన్న వాక్యాన్ని తీసుకెళ్లి అదే సంచికలో పక్కనున్న జానపద గేయాల వ్యాసానికి తగిలించండి, సరిగ్గా సరిపోతుంది. దాని తర్వాతిదానికీ సరిపోతుంది. అలా ఒక్కొక్క వాక్యమే దాటుకుంటూ పోతే నాలుగో పేజీ మధ్యలో ఇది కనిపించింది: సుబ్బికి పద్దెనిమిది వందలు ఇస్తానని ఒప్పుకున్న లుబ్ధావధాన్లు, అంతకంటే చవగ్గా మరో పిల్ల దొరుకుతుందనగానే ఆ సంబంధం వదులుకున్నాడు. దీన్ని వేరే ఏ వ్యాసంలోనూ పెట్టలేం. అతను పరమ లోభి. వయసు మళ్లినవాడు. పెళ్లికి సిద్ధపడ్డాడు గానీ బేరం మానలేదు. ఆ చవక పిల్ల అసలు పిల్లే కాదు, కరటకశాస్త్రి ఆడవేషం వేయించి తెచ్చిన శిష్యుడు. మేనకోడలు సుబ్బిని తప్పించడానికి అగ్నిహోత్రావధాన్ల ఈ బావమరిది పన్నిన ఎత్తు నీతిబోధ కాదు, పోటీ సరుకు. లోభికి ధర్మం చెప్పి లాభం లేదని, తక్కువ ధర చూపించాడు.

విద్యార్థి ఇది కనిపెట్టాడు. నాటకం మీద ఎంతో సాహిత్యం వచ్చింది. గిరీశం గురించీ మధురవాణి గురించీ రాయని వాళ్లు లేరు. కానీ కథను మలుపు తిప్పేది రెండు ధరల మధ్య తేడా అని పట్టుకుని, దాన్ని లెక్కగా చదవడం మంచి ఆలోచన. ఆ ఆలోచనను నాలుగో పేజీలో, ఒక పేరా మధ్యలో, "అంతేగాక" అనే మాట తర్వాత పూడ్చిపెట్టాడు.

పైకి తెచ్చాం. కొత్త ప్రారంభం ఇలా వచ్చింది: "లుబ్ధావధాన్లు సుబ్బికి కట్టిన వెల పద్దెనిమిది వందల రూపాయలు. అంతకు తక్కువకు మరో సంబంధం కనబడగానే అతను మాట మార్చాడు. కన్యాశుల్కం కథ మలుపు తిరిగేది ఈ బేరం దగ్గరే. సంస్కరణ ఉపన్యాసాలు ఆపలేని పెళ్లిని ధరలో తేడా ఎలా ఆపిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది." నాలుగు వాక్యాలు. నాటకం ఎరగని పాఠకుడికి కూడా ఇక్కడ ఏదో అమ్మకం జరుగుతోందని తెలుస్తుంది. ఎరిగిన పాఠకుడికి, తను ఎన్నోసార్లు నవ్వుకుంటూ దాటేసిన చోట ఒక ప్రశ్న ఉందని తెలుస్తుంది. చివరి వాక్యంతో వ్యాసానికి ఒక బాధ్యత కూడా పడింది. ధరలో తేడాయే పెళ్లిని ఆపిందని చూపించాలి, లేకపోతే ఓడిపోవాలి. మూలస్తంభం వాక్యంతో ఎవరూ ఓడిపోరు. అందుకే అది అందరికీ ఇష్టం.

ఇక నేపథ్యం సంగతి. నేపథ్యం వద్దని నేననలేదు. శుల్కమంటే ఏమిటో, ఎవరు ఎవరికి ఇచ్చేవారో ఒక వాక్యంలో చెప్పాలి, అది రెండో పేరాలో చెప్పాం. ఈ ఆచారం నాటకకర్త ఊహ కాదని కూడా చెప్పాలి. దానికి ఋగ్వేదం దాకా పోనక్కర్లేదు, గురజాడే ఇచ్చాడు. 1897లో అచ్చయిన మొదటి కూర్పుకు ఆయన ఇంగ్లీషులో రాసుకున్న పీఠికలో ఒక జాబితా ప్రస్తావన ఉంది. విజయనగరం మహారాజు కోసం విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన శుల్క వివాహాల పట్టీ ఒకటి తయారైంది. మూడేళ్లలో నమోదైనవి 1,034. వాటిలో అయిదేళ్ల వయసులో పెళ్లయినవాళ్లు 99 మంది, నాలుగేళ్లకు 44, మూడేళ్లకు 36, రెండేళ్లకు ఆరుగురు, ఏడాది వయసులో ముగ్గురు. కూడితే 188. అంటే ప్రతి వంద పెళ్లిళ్లలో పద్దెనిమిదింటిలో పెళ్లికూతురికి అయిదేళ్లు మించలేదు.

సంఘసంస్కరణ కోసం రాశానని చెప్పుకున్న మనిషి, తన నాటకానికి తనే పీఠిక రాసుకుంటూ పట్టుకున్నది ఒక జిల్లా, మూడేళ్లు, ఒక పట్టీ. స్త్రీజాతి యుగయుగాల దుస్థితి గురించి ఎన్ని పేజీలైనా రాయగల పాండిత్యం ఆయనకుంది. ఏడాది వయసు పెళ్లికూతుళ్లు ముగ్గురు అన్న లెక్క చేసే పని ఆ పేజీలు చేయలేవు.

ఆ పట్టీ సంపూర్ణం కాదని, డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవడానికి జనం ఇష్టపడరు కదా అని కూడా గురజాడ అక్కడే అంటాడు. మా విద్యార్థి రెండో చిత్తులో "నాటి ఆంధ్రదేశమంతటా ఏటా వందలాది పసిపిల్లలను అమ్మేవారు" అని రాసుకొచ్చాడు. ఆదిమానవుడు ముందు గుమ్మం నుంచి వెళ్లి పెరటి దారిన వచ్చాడన్నమాట. లెక్క ఒక జిల్లాది, ఒక వర్ణానిది, మూడేళ్లది. దాంతో కృష్ణా గోదావరి మండలాల గురించి గానీ, నిజాం రాజ్యం గురించి గానీ ఏమీ చెప్పలేం. ఆ వాక్యం కూడా కొట్టేసి, "విశాఖపట్నం జిల్లాలో నమోదైనంత వరకు" అని రాయించాను. ఎంత చిన్నబోయాడో. పరిధి తగ్గితే పరువు తగ్గుతుందని మన పిల్లలకు ఎవరు చెప్పారో!

పెద్దల వాదనల్లో నాకు గట్టిగా తోచింది సంప్రదాయానిది. మన కావ్యాలు ఉన్నట్టుండి మొదలు కావు కదండీ, అవతారికలు ఉంటాయి కదా, అని ఒక మిత్రుడు అడిగాడు. అవతారిక సంగతికే వద్దాం. నన్నయ దేవతాస్తుతి ఒక శ్లోకంలో ముగించి నేరుగా రాజరాజనరేంద్రుడి దగ్గరికి వస్తాడు. రాజమహేంద్రవరం, కొలువు, కొలువులో ఉన్నవాళ్లు, రాజు కోరిక. ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు, ఎక్కడ అడిగారు అన్నవన్నీ అక్కడున్నాయి. అవునూ, రాజు మాటల్లో కథ చంద్రుడి దాకా వెళుతుంది. కానీ ఊరికే వెళ్లలేదు. తనది చంద్రవంశమనీ, పాండవులు తన వంశకర్తలనీ చెప్పుకునే చాళుక్యరాజు వాళ్ల కథ తెలుగులో వినాలనుకున్నాడు. చంద్రుడు అక్కడ రాజు కోరికకు కారణం. దూరం వెళ్లడం తప్పు కాదు. వెళ్లిన దూరానికీ అడిగిన పనికీ లంకె లేకపోవడం తప్పు. మన సంప్రదాయం కావ్యానికి నేర్పింది సందర్భంతో ఎత్తుకోమని. ఆదిమానవుడి పేరా మన అవతారికలో లేదు.

ఆధునిక కాలంలోనూ గట్టి పనులు ఇలాగే మొదలయ్యాయి. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఒకాయన రాసిన మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. 1934 సంగతి. తెలంగాణ సాహిత్యం అతి ప్రాచీనమైనదని ఒక ఉపన్యాసం ఇచ్చి ఊరుకుని ఉంటే ఆ వాదన ఈపాటికి మరుగున పడేది. ఎదుటివాడి ఒక్క మాట పట్టుకుని మొదలుపెట్టారు కాబట్టి, దానికి ఎన్ని పేర్లు చూపిస్తే చాలునో కూడా తెలిసింది. పత్రం మొదలుపెట్టడానికి జాబితాయే దొరకాలని లేదు. ఎవరో అని వదిలేసిన తప్పుమాట ఒకటి చాలు.

"బయటి పరీక్షకుడికి విషయం తెలియకపోవచ్చు, అందుకే మొదటి నుంచీ చెప్పాలి" అన్నది ఇంకో వాదన. తెలియని మనిషికి కావలసింది లుబ్ధావధాన్లు ఎవరు, శుల్కం ఎటు పోతుంది, ఏ కూర్పు చదువుతున్నాం అన్నవి. 1897 కూర్పూ 1909 కూర్పూ ఒకటి కావు. గురజాడ నాటకాన్ని చాలావరకు తిరగరాసి పెంచాడు. ఏ కూర్పులోని అంకె చెబుతున్నామో చెప్పకపోతే డబ్బు లెక్కల మీద పత్రమే నిలవదు. అంత ముఖ్యమైన సంగతి మా విద్యార్థి పత్రంలో ఎక్కడుందనుకున్నారు? ఎక్కడా లేదు. ఆదిమానవుడి నిప్పుకి చోటు దొరికింది, కూర్పుకి దొరకలేదు. విశాలమైన ఎత్తుగడ పాఠకుడికి సాయం చేస్తుందనే వాళ్లు, ఏ పాఠకుడికి ఏ సాయం కావాలో ఒక్కసారి అడిగి చూడాలి.

సదస్సుల్లో ఈ జబ్బు కళ్లకు కడుతుంది. మాట్లాడేవారికి పది నిమిషాలు. ఎనిమిదో నిమిషంలో అధ్యక్షులవారు చీటీ పంపుతారు. అప్పటికి వక్త హరప్పా దగ్గర ఉంటారు. "సమయాభావం వల్ల అసలు విషయాన్ని క్లుప్తంగా" అంటూ చివరి పేజీ చదివి దిగిపోతారు. సమయాభావం కాదండీ అది, మూడు లక్షల ఏళ్లు పది నిమిషాల్లో పట్టలేదు, అంతే.

దీనికి విరుగుడుగా ఇప్పుడు ఇంకో వింత బయల్దేరింది. పెద్ద మాట వద్దన్నారని, ఏదో ఒక దృశ్యంతో మొదలుపెట్టేస్తున్నారు. "బొంకుల దిబ్బ. సాయంకాలం. గిరీశం నడుస్తున్నాడు" అని ఎత్తుకుని, రెండో పేరాలో గిరీశాన్ని వదిలేసి శుల్కం లెక్కల్లోకి పోతారు. మళ్లీ అతని ఊసుండదు. కంటికి కనిపించే వివరమైనంత మాత్రాన అది ఈ వ్యాసానికి సంబంధించినది కాదు. సుబ్బి ధర మొదటి వాక్యంలో ఎందుకుంది? ఆ పద్దెనిమిది వందలు చివరి పేజీ దాకా పని చేస్తాయి కాబట్టి. రెండో పేజీలో అవి అగ్నిహోత్రావధాన్ల వ్యాజ్యాల పక్కన నిలబడతాయి. ఆయన కోర్టు మనిషి, ఎప్పుడూ ఏదో దావా నడుస్తూ ఉండాలి, కూతురి శుల్కమూ దావా ఖర్చూ ఒకే నోటి వెంట వస్తాయి. నాలుగో పేజీలో లుబ్ధావధాన్ల పిసినారితనంతో తలపడతాయి. ఇవి పని చేయకపోతే ఆ అంకెను కూడా ఆదిమానవుడితో పాటే సాగనంపాలి. నిఘంటువు అర్థంతో మొదలుపెట్టడమూ ఇలాంటిదే, దాన్ని ఆ తర్వాత ఎవరూ పట్టించుకోరు.

సుదీర్ఘ చరిత్రే విషయమైతే మాట వేరు. ఆసుర వివాహం మీద ధర్మశాస్త్రాలు, వ్యాఖ్యానాలు, శాసనాలు వరసగా చదివి రాసేవారు మనువు దగ్గర మొదలుపెట్టాలి, వాళ్లకది ఆధారం ఉన్న మొదటి మెట్టు. వాళ్లయినా గుహల దాకా పోరు.

మొదటి అధ్యాయంలో చారిత్రక నేపథ్యం తప్పనిసరి అని పట్టుబట్టే శాఖలు ఉన్నాయి, తెలుసు. పిహెచ్.డి. విద్యార్థి గైడుతో తగువు పెట్టుకోలేడు. అలాంటివాళ్లకు నేను చెప్పేది, ఆ అధ్యాయాన్ని ఆఖర్న రాయమని. మిగతా అధ్యాయాలన్నీ పూర్తయ్యాక, వాటిలో వెనక్కి చూపించాల్సి వచ్చిన సంగతులేవో ఒక కాగితం మీద రాసుకోవాలి. మనువు నిషేధం, విశాఖ జిల్లా పట్టీ, రెండు కూర్పుల తేడా, ఇలా. ఆ కాగితమే మొదటి అధ్యాయం. ముందుగానే రాస్తే ఏమవుతుందంటే, ఏది కావాలో తెలియదు కాబట్టి అన్నీ వస్తాయి. గ్రంథాలయంలో దొరికిన వివాహ చరిత్ర పుస్తకం ఒకటి సంక్షిప్తంగా దిగిపోతుంది. సిద్ధాంత గ్రంథాల్లో మొదటి అధ్యాయాలన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉండటానికి కారణం ఇదే అని నా అనుమానం.

మా విద్యార్థి పత్రం చివరికి ఎనిమిది పేజీలైంది. మనువు మాట అయిదో పేజీలో, అగ్నిహోత్రావధాన్ల పాండిత్యం ప్రస్తావన వచ్చిన చోట, మూడు పంక్తుల్లో చేరింది. 1909 కూర్పులోని అంకెలే వాడుతున్నానని రెండో పేరాలో స్పష్టంగా చెప్పాడు. గైడుగారు చదివి, బాగానే ఉంది గానీ వీరేశలింగం పంతులుగారి పేరు ఎక్కడా లేదేమని అడిగారట. న్యాయమైన ప్రశ్నే. సంస్కరణ ఉపన్యాసాలు పెళ్లిని ఆపలేదని మొదటి పేరాలోనే అన్నాక, ఆ ఉపన్యాసాలు ఎవరివో, నాటకంలో గిరీశం నోట అవి ఏమయ్యాయో చెప్పి తీరాలి. ఆ పేరా కోసమే ప్రస్తుతం కూర్చున్నాడు.